సర్వర్ ఇంటర్వ్యూలో "అప్పుడేం చేస్తావ్?" అంటే తడబడుతున్నారా?

హైదరాబాద్‌లో ఒక బిర్యానీ హోటల్లో కెప్టెన్‌గా పనిచేసినప్పుడు, సర్వర్ల ఇంటర్వ్యూల్లో మేనేజర్ పక్కన నన్నూ కూర్చోబెట్టేవారు. మంచి కుర్రాళ్లు కూడా దాదాపు ఒకే మూడు ప్రశ్నల దగ్గర జారిపోయేవాళ్లు.

సమస్య: "ఆర్డర్ తప్పు వెళ్లింది, ఏం చేస్తావ్?" అంటే "సారీ చెప్పి మారుస్తా సార్" అంటారు. మేనేజర్ తల ఊపి ఊరుకుంటాడు.

కారణం: సారీ ఎవరైనా చెప్తారు. ఎవరికి చెప్తావు, ఏది ముందు చేస్తావు, బిల్లు సంగతేంటి అన్నవే ఆయనకు కావాలి.

పరిష్కారం: ఒక టేబుల్‌ని కళ్లముందు పెట్టుకుని చెప్పండి. ఏడో నంబర్ టేబుల్‌లో నలుగురున్నారు. ఒకావిడ వెజ్ బిర్యానీ చెప్పారు. వచ్చింది చికెన్ దమ్ బిర్యానీ. పైన అంతా అన్నమే కాబట్టి ఎవరికీ తెలియలేదు, రెండో స్పూన్‌కి ముక్క తగిలింది. ఇక్కడ "ముక్క తీసేసి తినండి" అన్న మాట నోట్లోంచి రాకూడదు. "తప్పు మాదేనండీ, వెంటనే మారుస్తాను" అని ప్లేటుతో పాటు ఆవిడ స్పూనూ తీసేయాలి. అన్నం వడ్డించిన గరిటె కూడా తీసేయాలి, దీన్ని చాలామంది మర్చిపోతారు. తర్వాత కెప్టెన్‌కి చెప్పి కొత్త కేఓటీ, అంటే కిచెన్‌కి వెళ్లే ఆర్డర్ చీటీ, పంపించాలి. కిచెన్‌లో అడిగి, నిజంగా ఎన్ని నిమిషాలు పడుతుందో వచ్చి చెప్పాలి. మిగతా ముగ్గురు ఆవిడ కోసం ఆగితే, వాళ్ల ప్లేట్లు వేడిగా ఉంచమంటారా అని అడగాలి.

"బిల్లు ఫ్రీ చేస్తాను" అని మాత్రం అనకండి. ఆ అధికారం సర్వర్‌కి ఉండదు, ఇంటర్వ్యూలో అలా అంటే అనుభవం లేదని తెలిసిపోతుంది. కెప్టెన్ పాత ఐటమ్ క్యాన్సిల్ చేయించాడో లేదో, బిల్లు టేబుల్‌కి వెళ్లేముందు చూసుకుంటానని చెప్పండి. వెనక్కి తీసేసిన ప్లేటు బిల్లులో కూడా కనిపిస్తే గొడవ మళ్లీ మొదలవుతుంది.

"అసలు తప్పు ఎందుకు జరిగింది?" అని మేనేజర్ ఇంకో మెలిక పెడతాడు. వంటవాళ్ల మీదకి తోసేయకండి. మా దగ్గర సగం తప్పులు "సిక్స్టీఫైవ్" అనే మాట దగ్గరే జరిగేవి. గోలలో ముందున్న పనీరో చికెనో వినపడదు, సర్వర్ తనకు తోచింది రాసేస్తాడు. అందుకే "రాసుకున్నాక ఆర్డర్ తిరిగి చదివి వినిపిస్తాను, వెజ్ ఎవరికో విడిగా అడుగుతాను" అనండి. ఎవరికైనా వేరుశెనగలాంటివి పడవని చెప్తే కేఓటీ మీద రాయడంతో పాటు కిచెన్‌కి నోటితో కూడా చెప్తానని కలపండి.

సమస్య: "ఆదివారం మధ్యాహ్నం మూడు టేబుళ్లు ఒకేసారి పిలిచాయి" అంటే "స్పీడ్‌గా చేస్తా సార్" అంటారు.

కారణం: ఆయన అడిగింది స్పీడ్ గురించి కాదు, వరస గురించి.

పరిష్కారం: నాలుగో టేబుల్‌లో ఇప్పుడే కూర్చున్నారు, తొమ్మిదిలో బిల్లు అడుగుతున్నారు, ఆరో టేబుల్ తందూరి రెడీ అని కిచెన్ కేకేసింది అనుకోండి. వేడి ప్లేటు ముందు, అది చల్లారితే తిరిగొస్తుంది. కిచెన్ వైపు వెళ్తూనే బిల్లు కొట్టమని కౌంటర్‌కి చెప్పేయాలి, బయట వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకి ఆ టేబుల్ కావాలి. నాలుగో టేబుల్ దగ్గర మెనూ పెట్టి "రెండు నిమిషాల్లో ఆర్డర్ తీసుకుంటానండీ" అంటే చాలు, జనం ఆగుతారు. చూసీచూడనట్టు పోతేనే కోపం వస్తుంది. చేతులు దాటిపోతే కెప్టెన్‌ని పిలుస్తానని చెప్పడం తప్పేం కాదు. తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ ప్లేట్లు పట్టుకొస్తాను అన్నవాణ్ణి మా మేనేజర్ వెంటనే గుర్తుపెట్టుకునేవారు.

సమస్య: "నాకేదైనా అమ్మి చూపించు" అంటే "ఇంకేమైనా కావాలా సార్?" దగ్గరే ఆగిపోతారు. లేదా మెనూలో ఖరీదైనవన్నీ ఏకరువు పెడతారు.

కారణం: మొదటిదానికి "వద్దు" అనడం తేలిక. రెండోది మొహమాటపెట్టి అంటగట్టినట్టు ఉంటుంది.

పరిష్కారం: ఒక్క ఐటమ్, ఒక్క కారణం, ఒక్కసారి. అదీ సమయం చూసి. బిర్యానీ ప్లేట్లు తీసేటప్పుడు, "ఖుబానీ కా మీఠా ఉందండీ, కారం తిన్నాక బాగుంటుంది. ఒకటి తెస్తే ఇద్దరూ తినొచ్చు" అని చెప్పి చూడండి. వద్దంటే నవ్వి వదిలేయాలి, రెండోసారి అడగకూడదు.

మేనేజర్ ఇక్కడా ఒక ఉచ్చు వేస్తాడు: "ఇద్దరొచ్చి ఫ్యామిలీ ప్యాక్, రెండు స్టార్టర్లు చెప్పారు. ఏమంటావ్?" ఇంకా అమ్మబోతే పోయినట్టే. "ఇద్దరికి ఇది ఎక్కువవుతుందండీ, ముందు ఒక స్టార్టర్ తెస్తాను, చాలకపోతే చెప్పండి" అనేవాడే సరైన జవాబు చెప్పినట్టు. అలాగే, అడగకుండా మినరల్ వాటర్ బాటిల్ మూత తిప్పి పెట్టడాన్ని కొందరు అమ్మకం అనుకుంటారు. "మామూలు నీళ్లా, బాటిలా అండీ?" అని అడిగాకే తెస్తానని చెప్పండి.