గూగ్లీ ఎలా వేయాలి? లెగ్ స్పిన్నర్ మణికట్టు దగ్గర జరిగే అసలు పని

బ్యాటర్ మీదికి లోపలికి తిరిగిన ప్రతి బంతినీ గూగ్లీ అనేయడం అలవాటైపోయింది. ఆఫ్ స్పిన్నర్ వేసిన మామూలు బంతి కూడా అలాగే తిరుగుతుంది, అది గూగ్లీ కాదు. ఆఫ్ స్పిన్నర్ ఆ చేతివాటంతోనే బయటికి తిప్పే బంతి దూస్రా, అదీ గూగ్లీ కాదు. గూగ్లీ అంటే లెగ్ స్పిన్నర్ తన లెగ్ బ్రేక్ లాగే కనిపించేలా వేసి, కుడిచేతి బ్యాటర్‌కి ఆఫ్ వైపు నుంచి లెగ్ వైపుకి తిప్పే బంతి. కనిపించేది ఒకటి, తిరిగేది ఇంకొకటి. ఈ తేడా లేకపోతే అది వట్టి ఆఫ్ బ్రేకే.

అందుకే లెగ్ బ్రేక్ లేనివాళ్లు దీని జోలికి రాకూడదు. ఆరు బంతుల్లో కనీసం నాలుగు మంచి లెంగ్త్‌లో పడి, కంటికి తెలిసేంతగా తిరగాలి. అప్పుడే బ్యాటర్ బయటికి తిరిగే బంతి కోసం సిద్ధమవుతాడు. గూగ్లీ బతికేది ఆ ఎదురుచూపు మీదే.

సరంజామా పెద్దగా అక్కర్లేదు. సీమ్ ఉన్న బంతి, ఒక మార్కర్ పెన్, పట్టుకునే మనిషి. టెన్నిస్ బాల్‌తో నేర్చుకోవద్దు. సీమ్ ఉండదు కాబట్టి మీరు తిప్పింది ఏమిటో మీకే తెలియదు. లెదర్ బంతి దొరకకపోతే కార్క్ బంతి తీసుకుని, సీమ్ వెంబడి మార్కర్‌తో మందంగా గీత గీయండి.

పట్టు లెగ్ బ్రేక్‌దే. చూపుడు వేలు, మధ్య వేలు సీమ్‌కి అడ్డంగా, కాస్త ఎడంగా ఉంచండి. ఉంగరపు వేలు మడిచి, దాని పక్కభాగం సీమ్‌కి ఆనించండి. బంతిని తిప్పేది ఈ వేలే. బొటనవేలు ఊరికే తాకితే చాలు. గూగ్లీ కోసం పట్టు మార్చేవాళ్లున్నారు, అది తప్పు. రనప్ మొదలయ్యేటప్పుడే బ్యాటర్ చేతిని చూస్తాడు, మారిన పట్టు అక్కడే దొరికిపోతుంది. రనప్, వేగం, చివరి గెంతు కూడా ఏమీ మారకూడదు.

ఇక అసలు సంగతి. ఇక్కడ తొందరపడొద్దు.

బంతి లేకుండా కుడిచేతిని నిటారుగా తల పక్కన పైకెత్తండి. అరచేయి ఎదురుగా బ్యాటర్ వైపు ఉంచండి. లెగ్ బ్రేక్ వదిలేటప్పుడు చేయి దాదాపు ఇలాగే ఉంటుంది. ఇప్పుడు అరచేయి మీ చెవి వైపు వచ్చేలా తిప్పండి. చిటికెన వేలి అంచు బ్యాటర్ వైపు వస్తుంది. ఇక్కడ వదిలితే అది టాప్ స్పిన్నర్, నేరుగా వెళ్లి ఎక్కువ లేస్తుంది. ఇంకాస్త తిప్పండి. అరచేయి వెనక్కి, చేతి వెనుకభాగం బ్యాటర్ వైపు వస్తుంది. ఇదీ గూగ్లీ. బంతి ఉంగరపు వేలు, చిటికెన వేలి మీదుగా జారి బయటికి వస్తుంది. ఉంగరపు వేలు చేసే పని మూడింటిలోనూ ఒక్కటే. మణికట్టు తిరిగిన మేర మాత్రమే మారుతుంది.

చివరి భాగంలో భుజం దగ్గర ఒక బిగువు తెలుస్తుంది. మణికట్టు ఒక్కటే అంత తిరగలేదు, ముంజేయి, భుజం కూడా కొంత సాయం చేస్తాయి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. బిగువు తగ్గించుకోవడానికి ఎడమ భుజాన్ని కిందికి వంచేస్తారు, తల ఆ పక్కకి పడిపోతుంది, బౌలింగ్ చేయి మామూలు కన్నా నిటారుగా వస్తుంది. బంతి తిరగొచ్చు, కానీ లెగ్ బ్రేక్‌కి పక్కనుంచి వచ్చిన చేయి ఇప్పుడు తల మీదుగా వస్తే బ్యాటర్‌కి ముందే చెప్పేసినట్టే. మీ లెగ్ బ్రేక్ చేయి కాస్త ఎత్తుగానే రావాలని పట్టుబట్టేది ఇందుకే. అలా ఉంటే గూగ్లీకి చేయి ఎత్తాల్సిన అవసరం తగ్గుతుంది.

రెండో తప్పు మోచేతిది. మణికట్టు తిరగనప్పుడు కొందరు మోచేయి మడిచి విదిలిస్తారు. అలా అలవాటైతే త్రో కిందికి వస్తుంది. ఐసీసీ నిబంధన ప్రకారం మోచేయి 15 డిగ్రీలకు మించి నిటారు కాకూడదు. ఇంకో సంగతి, మోచేతిలో నొప్పి మొదలవుతుంది. నొప్పి కనిపించిన రోజు ఆపేయండి.

మూడోది అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసే తప్పు. నెట్స్‌లో గూగ్లీ అనుకుని వేసేవాటిలో చాలా భాగం నిజానికి టాప్ స్పిన్నర్లే. మణికట్టు సగమే తిరిగింది, బంతి నేరుగా వెళ్లింది, బౌలర్ మాత్రం తిరిగిందనుకుంటాడు. సీమ్ చూస్తే తెలిసిపోతుంది. గాలిలో వెళ్లేటప్పుడు మార్కర్ గీత స్లిప్ వైపు చూస్తే లెగ్ బ్రేక్, నేరుగా కీపర్ వైపు చూస్తే టాప్ స్పిన్నర్, ఫైన్ లెగ్ వైపు చూస్తేనే గూగ్లీ. మీ వెనకనుంచి చూసేవాళ్లకి లెగ్ బ్రేక్ గడియారం ముల్లుకి ఎదురుగా తిరిగితే, గూగ్లీ ముల్లు దారినే తిరుగుతుంది.

సాధన మెట్టుమెట్టుగా చేయండి. మొదట ఐదారు మీటర్ల దూరంలో తోడుని నిలబెట్టి, కదలకుండా, చేయి ఎత్తి, చేతి వెనుకభాగం ఎదుటివాడి వైపు ఉంచి బంతిని మెల్లగా గాలిలోకి వదలండి. ఒక్క పిచ్ పడి మీ కుడివైపు తిరగాలి. అది కుదిరాక 12 గజాలు, ఆ తర్వాత 22. దూరం పెరిగిన రోజు బంతులు పొట్టిగా పడతాయి, సహజమే. వేళ్ల నుంచి వెనక్కి తిరిగి వచ్చే బంతికి ముందుకి తోసే బలం తక్కువ. దాన్ని సరిచేయడానికి బలంగా విసరకండి. చేతిని త్వరగా తిప్పి, బంతిని బ్యాటర్ కళ్ల ఎత్తుకి పైకి వదలండి.

అతి ముఖ్యమైన హెచ్చరిక ఇది. ఆరు లెగ్ బ్రేక్‌లకి ఒక గూగ్లీ, అంతకు మించి సాధన చేయొద్దు. గూగ్లీ రుచి మరిగితే మణికట్టు ఆ తిరుగుడుకే అలవాటు పడి, లెగ్ బ్రేక్ వేయాలనుకున్నా టాప్ స్పిన్నర్ వస్తుంది. ఇది జరుగుతోందనడానికి గుర్తు: లెగ్ బ్రేక్ తిరగడం తగ్గి, నేరుగా లేవడం మొదలవుతుంది. అప్పుడు వారం రోజులు గూగ్లీ పూర్తిగా మానేయండి.

బ్యాటర్ ఎందుకు తికమక పడతాడో కాలం లెక్క చూస్తే తెలుస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి సెకనుకి 22 మీటర్లు దాటుతుంది. బ్యాటర్‌కి మూడు మీటర్ల ముందు పిచ్ అయితే, కొంత వేగం తగ్గినా బ్యాట్ దాకా రావడానికి పట్టేది 0.17 సెకను. మనిషి కంటితో చూసి చేయి కదపడానికే దాదాపు 0.2 సెకను కావాలి. అంటే పిచ్ మీద తిరగడం చూశాక ఆడటం సాధ్యం కాదు. చేతిలో చదవాలి, లేదంటే గాలిలో తిరిగే సీమ్‌ని చూడాలి. రెండూ తప్పిపోతే ఊహించి ఆడటమే. దానికి తోడు గూగ్లీలో పైనుంచి తిరిగే స్పిన్ కొంత ఎక్కువగా కలుస్తుంది. అందుకని అనుకున్న దానికన్నా ముందే దిగి, ఎక్కువ లేస్తుంది.

ఊహ తప్పితే ఏమవుతుందో చూడండి. లెగ్ బ్రేక్ అనుకున్న బ్యాటర్ బయటికి వెళ్లే బంతి వెంట చేతులు చాచి కవర్స్ వైపు ఆడతాడు. బ్యాట్ ప్యాడ్‌కి దూరమవుతుంది. బంతి లోపలికి తిరిగి ఆ సందులోంచి స్టంప్స్‌కి వెళ్తుంది, లేదా ప్యాడ్‌కి తగులుతుంది.

1948 ఆగస్టు 14న ఓవల్‌లో జరిగింది ఇదే. డాన్ బ్రాడ్‌మన్ తన చివరి టెస్టులో బ్యాటింగ్‌కి వచ్చాడు. నాలుగు పరుగులు చేస్తే అతని సగటు సరిగ్గా 100 అవుతుంది. ఇంగ్లండ్ లెగ్ స్పిన్నర్ ఎరిక్ హోలీస్ వేసిన మొదటి బంతిని అతను జాగ్రత్తగా ఆడాడు. రెండో బంతి గూగ్లీ. ముందుకు వచ్చి ఆడబోయాడు, బంతి లోపలికి తిరిగి స్టంప్స్‌ని తాకింది. సగటు 99.94 దగ్గర ఆగిపోయింది. అసలు ఈ బంతిని పెద్ద క్రికెట్‌లోకి తెచ్చింది ఇంగ్లండ్‌కి చెందిన బెర్నార్డ్ బొసాంకే. బల్ల మీద టెన్నిస్ బంతిని దొర్లించే ఆటలో దీన్ని కనిపెట్టాడు. 1900లో లార్డ్స్‌లో దీనితో అతను తీసిన తొలి వికెట్ బంతి నాలుగుసార్లు పిచ్ అయి వెళ్లింది. ఆస్ట్రేలియాలో దీన్ని అతని పేరు మీదే బోసీ అనేవారు.

హైదరాబాద్ వాళ్లకి సన్‌రైజర్స్‌లో రషీద్ ఖాన్ వేసిన గూగ్లీలు గుర్తుంటాయి. అతను చాలా వేగంగా వేస్తాడు, చేయి కూడా వేగంగా తిరుగుతుంది. పైన చెప్పిన 0.17 ఇంకా కుదించుకుపోతుంది. చేతిని చదవడానికి బ్యాటర్‌కి సమయమే దొరకదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆ వేగాన్ని అనుకరించకూడదు. ముందు చేయి వెనుకభాగం పూర్తిగా తిరగాలి, వేగం తర్వాత.

మ్యాచ్‌లో వాడే తీరు ఒక ఓవర్‌లో చూద్దాం. మొదటి మూడు బంతులు లెగ్ బ్రేక్‌లు, ఆఫ్ స్టంప్ మీద పడి బయటికి వెళ్లేవి. నాలుగోది అదే చోట, కాస్త ముందుకి, డ్రైవ్ చేయాలనిపించేలా. డ్రైవ్ చేస్తే చేయనివ్వండి, ఫోర్ వెళ్లినా సరే. అతని చేతులు బయటికి చాచడం మొదలుపెట్టాయి కదా. ఐదో బంతి గూగ్లీ, ఆఫ్ స్టంప్ బయట ఒక బంతి వెడల్పులో, ఫుల్‌గా. లెగ్ స్టంప్ మీద వేస్తే వృథా. లోపలికి తిరిగి లెగ్ వైపు పోతుంది, బ్యాటర్ తిప్పి కొట్టేస్తాడు. పొట్టిగా పడితే ఇంకా పెద్ద తప్పు, వెనక్కి వెళ్లి తాపీగా చూసి ఆడతాడు.

ఎడమచేతి బ్యాటర్ ఉంటే లైన్ తలకిందులవుతుంది. మీ లెగ్ బ్రేక్ అతని మీదికి వస్తుంది, గూగ్లీ అతనికి బయటికి తిరుగుతుంది. అప్పుడు మిడిల్ స్టంప్ మీద పిచ్ చేయండి, స్లిప్‌ని తప్పకుండా ఉంచండి. ముందుకు దిగి ఆడేవాడైతే కీపర్‌ని స్టంపింగ్‌కి సిద్ధంగా ఉండమనండి. ఆ సంకేతం ఇద్దరి మధ్య ఓవర్‌కి ముందే మాట్లాడుకోండి. గూగ్లీ వస్తోందని కీపర్‌కి తెలియకపోతే, బ్యాటర్ మోసపోయినా బంతి కీపర్ పక్కనుంచి బౌండరీకి పోయి బైస్ కింద నాలుగు పరుగులు ఇస్తుంది.