దిద్దిన పేపర్‌లో టిక్కు ఎక్కడ, ఇంటూ ఎక్కడ, పక్కన ఏం రాయాలి?

పేపర్లు దిద్దేటప్పుడు మనలో చాలామంది చేసేది ఒకటే, చివరి జవాబు చూస్తాం, కరెక్టైతే పెద్ద టిక్కు, తప్పైతే లెక్క మొత్తం మీద అడ్డంగా ఇంటూ. పేపర్ చేతికొచ్చాక స్టూడెంట్‌కి తెలిసేది ఎన్ని మార్కులు పోయాయో అంతవరకే, ఎక్కడ పోయాయో తెలీదు. అందుకే ఒక్క లెక్క తీసుకుని పెన్ను ఎక్కడ పెట్టాలో వరసగా చెప్తా.

లెక్క 3(x − 4) = 2x + 5. మూడు మార్కులు. బ్రాకెట్ విప్పితే ఒకటి, x లు ఒకవైపుకీ అంకెలు ఇంకోవైపుకీ తెస్తే ఒకటి, జవాబుకి ఒకటి అనుకుందాం. ఒకమ్మాయి ఇలా చేసింది:

```
3x − 4 = 2x + 5
3x − 2x = 5 + 4
x = 9
```

రావాల్సింది 17.

1. ముందు పెన్ను పక్కన పెట్టి చదవండి. తప్పు మొదట ఏ లైన్‌లో పుట్టిందో చూడండి. ఇక్కడ మొదటి లైన్‌లోనే, 3 తో x ని గుణించింది కానీ 4 ని వదిలేసింది. ఆ తర్వాత చేసిందంతా కరెక్టే, అవతలికి పంపినప్పుడు గుర్తు కూడా సరిగ్గా మార్చింది.

2. ఇంటూ చిన్నగా, తప్పు పుట్టిన చోటే. "− 4" కింద గీత గీసి, అదే లైన్‌కి ఎదురుగా మార్జిన్‌లో చిన్న ఇంటూ పెట్టండి, లైనంతా కొట్టేయొద్దు, ఎందుకంటే 3x కరెక్టే కదా. కింది రెండు లైన్లకి కూడా ఇంటూ పెట్టేస్తే ఇంకా నష్టం, గుర్తు మార్చడం కూడా నాకు రాదు కాబోలు అనుకుని ఆ పిల్ల వచ్చిన పద్ధతిని కూడా మార్చేసుకుంటుంది.

3. టిక్కు మార్కు వచ్చిన చోట. రెండో లైన్ చివర టిక్కు. ఒక టిక్కు అంటే ఒక మార్కు అని క్లాసులో ముందే చెప్పేయండి, అప్పుడు వాళ్లే లెక్కపెట్టి టోటల్ సరిచూసుకుంటారు. మూడో లైన్ పాత తప్పుని మోసుకొచ్చిన జవాబు, దానికి మార్కు ఇవ్వాలా వద్దా అన్నది మీ స్కీమ్‌ని బట్టి. ఇవ్వకపోతే ఇంటూ పెట్టకుండా 9 దగ్గర్నుంచి పైనున్న "− 4" కి బాణం గీయండి, తప్పు అక్కడ్నుంచే వచ్చిందని అర్థమవుతుంది.

4. ఇప్పుడు కామెంట్. నిజానికి కష్టమైంది ఇదే. "జాగ్రత్త", "కేర్‌లెస్" అని రాస్తే ఆ పిల్ల చేయగలిగింది ఏమీ లేదు. పోనీ మనమే 3x − 12 అని రాసేస్తే చూసి దించుకుంటుంది, అంతే. నేనైతే ఇలా రాస్తా: "x = 9 ని అసలు ప్రశ్నలో పెట్టి రెండువైపులా ఎంతొస్తుందో చూడు. 3 వేటిని గుణించాలి?" పెట్టి చూస్తే ఎడమవైపు 15, కుడివైపు 23 వస్తాయి, జవాబు తప్పని మనం చెప్పక్కర్లేదు, తనే పట్టుకుంటుంది.

కామెంట్ రాసేముందు మిగతా లెక్కలు కూడా ఒకసారి తిరగేయండి. వేరే రెండుచోట్ల బ్రాకెట్ సరిగ్గా విప్పి ఉంటే ఇది తొందరలో జరిగిన పొరపాటు, కింద గీత చాలు, కామెంట్ వద్దు. అన్నిచోట్లా ఇలాగే చేస్తే అర్థం కాలేదని. అప్పుడు కామెంట్ ఒక్కసారే రాసి దానికి 1 అని నంబర్ వేయండి, మిగతాచోట్ల ఆ నంబర్ వేస్తే సరిపోతుంది. పేపర్ మొత్తానికి రెండు మూడు కామెంట్లు దాటితే పిల్లలు చదవడం మానేస్తారు, ఇది నేను చాలాసార్లు చూశాను.

వ్యాసం లాంటి జవాబులకీ ఇదే పద్ధతి, పేరా చివర కాకుండా పాయింట్ ఉన్న వాక్యం మీదే టిక్కు, కారణం చెప్పకుండా వదిలేసిన చోట "ఎందుకు?" అని ఒక్క మాట.

5. టోటల్ కాసేపాగి చెప్పండి. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు చేసిన స్టడీలో కామెంట్లు మాత్రమే అందుకున్న పిల్లలు మెరుగయ్యారు, మార్కులు కూడా కలిపి ఇచ్చినవాళ్లకి ఆ లాభం రాలేదు. కాబట్టి మార్కులు మీ రిజిస్టర్‌లో రాసుకుని, పేపర్ ఇచ్చి పది నిమిషాలు క్లాసులోనే సరిదిద్దుకోనివ్వండి, ఆ తర్వాత టోటల్ వేయండి. ఇంటికెళ్లి చూసుకోండి అంటే ఎవరూ చూడరు.

6. ఎక్కిందో లేదో చూడండి. రెండ్రోజులాగి 5(x − 2) = 3x + 4 ఇవ్వండి. 7 వస్తే ఎక్కినట్టే. 3 వచ్చిందంటే మళ్లీ 2 ని గుణించకుండా వదిలేసింది, ఇంకో కామెంట్ రాసి లాభం లేదు, పక్కన కూర్చోబెట్టుకుని (x − 2) ని ఐదుసార్లు కింద కింద రాయించి కూడమనండి, మైనస్ రెండులు ఎన్ని ఉన్నాయో తనే లెక్కపెడుతుంది.