మూడున్నర గంటల ఒగ్గు కథ వీడియోలో చాప్టర్లు రాకపోతే

మహబూబ్‌నగర్ వైపు పల్లెల్లో ఒగ్గు కథ చెప్పిస్తే రాత్రి మొదలై చాలా పొద్దుపోయేదాకా సాగుతుంది. ఇప్పుడు ఆ కథను రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టేవాళ్లు పెరిగారు. చూసేవాళ్లందరికీ కథ మొత్తం అవసరం ఉండదు. ఒకరు మేడలమ్మ పెళ్లి ఘట్టం మాత్రమే వినాలనుకుంటారు, ఇంకొకరు తమ ఇంటివాళ్లు హారతి పట్టిన చోటు వెతుక్కుంటారు. అలాంటివాళ్ల కోసమే చాప్టర్లు: వీడియో కింద రాసే వివరణలో ఘట్టాల సమయాలు, పేర్లు రాస్తే వీడియో కింది గీత ఆ ఘట్టాలుగా విడిపోతుంది, కావలసిన చోటికి నేరుగా వెళ్లవచ్చు. మా ఊరి మల్లన్న కథ వీడియోకు వాటిని రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో ఎదురైన చిక్కులే ఇక్కడ రాస్తున్నాను.

సమస్య: వివరణలో సమయాలు నీలం రంగులో లింకులుగా కనిపిస్తున్నాయి, కానీ వీడియో కింది గీత ముక్కలుగా విడిపోలేదు

అందరికీ ముందుగా ఎదురయ్యేది ఇదే. సమయం నీలం రంగుకు మారగానే పని అయిపోయిందనుకుంటాం. కానీ లింకు కావడం వేరు, చాప్టరు కావడం వేరు. కామెంట్లో రాసిన సమయం కూడా లింకు అవుతుంది, దానివల్ల చాప్టర్లు రావు. నేను మొదట రాసిన జాబితా ఇది:

```
08:20 గణపతి ప్రార్థన
26.45 మల్లన్న పుట్టుక
1:04:10 మేడలమ్మ పెళ్లి
1:04:16 పెళ్లి పాట
2:12:30 కేతమ్మ కథ
3:05:00 మంగళహారతి
```

ఇందులో మూడు తప్పులున్నాయి. అసలు తప్పు మొదటి వరుసలోనే ఉంది. జాబితా తప్పనిసరిగా 00:00 తో మొదలు కావాలి. ప్రార్థన ఎనిమిదో నిమిషంలో మొదలైంది కాబట్టి అక్కడి నుంచే రాశాను, దాంతో మొత్తం జాబితా చెల్లలేదు. వీడియో ఆరంభంలో డోలు బిగించుకోవడం తప్ప ఏమీ లేకపోయినా దానికొక పేరు పెట్టి 00:00 వరుస రాయాల్సిందే.

రెండోది 26.45. వార్తాపత్రికల్లో, పెళ్లి పత్రికల్లో సమయాన్ని చుక్కతో రాయడం మనకు అలవాటు, చేయి దానంతటదే అలా రాసేస్తుంది. ఇక్కడ చుక్క పనికిరాదు, రెండు చుక్కల గుర్తు పెట్టాలి. అన్ని సమయాలూ నీలంగా ఉండి ఒక్కటి నల్లగా మిగిలిపోతే ఆ వరుసలో చుక్క ఉందేమో చూడండి.

మూడోది పెళ్లికీ పెళ్లి పాటకూ మధ్య ఆరు సెకన్లే ఉండటం. ఒక్కో చాప్టరు కనీసం 10 సెకన్లు ఉండాలి. ఆ రెండూ నిజానికి ఒకే ఘట్టం, అందుకే కలిపేశాను. ఇవి కాక ఇంకో రెండు నియమాలున్నాయి: కనీసం మూడు సమయాలు ఉండాలి, అవి చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా ఉండాలి. మధ్యలో ఒక ఘట్టం గుర్తుకొచ్చి దాన్ని జాబితా చివర చేర్చితే వరుస తప్పుతుంది.

ఇవన్నీ సరిచేసినా చాప్టర్లు రాకపోతే, నియమాలు తప్పినందుకు యూట్యూబ్ వేసే స్ట్రైకు ఏదైనా ఛానెల్‌పై అమలులో ఉందేమో చూడాలి. అది ఉన్నంతకాలం చాప్టర్లు రాకపోవచ్చు.

సమస్య: చాప్టరు నొక్కితే ఘట్టం దాటిపోయి ఎక్కడో తేలుతోంది

సమయాలు రాసిన తరువాత వీడియోను కత్తిరించడమే దీనికి కారణం. మా వీడియో మొదట్లో 6 నిమిషాల 40 సెకన్లు మైకు పరీక్షే ఉంది. చూసినవాళ్లు విసుక్కున్నారని యూట్యూబ్ స్టూడియోలోని ఎడిటర్‌లో ఆ ముక్క తీసేశాను. లింకు మారలేదు, వచ్చిన వీక్షణలు పోలేదు. కానీ వివరణలోని సమయాలను యూట్యూబ్ తనంతట తాను సవరించదు. మేడలమ్మ పెళ్లి నొక్కితే పెళ్లి మొదలై ఆరు నిమిషాలు దాటిన చోటికి వెళ్లేది.

పరిష్కారం తీసివేత లెక్క. 00:00 ను అలాగే ఉంచి, మిగతా ప్రతి సమయంలోంచి 6:40 తీసేయాలి. 1:04:10 లోంచి తీస్తే 57:30 వస్తుంది. గంట లోపలికి వచ్చింది కాబట్టి ముందు గంటల అంకె ఉండదు. సరిచేసిన జాబితా ఇలా వచ్చింది:

```
00:00 డోలు, తాళాల సన్నాహం
01:40 గణపతి ప్రార్థన
20:05 మల్లన్న పుట్టుక
57:30 బలిజ మేడలమ్మతో పెళ్లి
2:05:50 గొల్ల కేతమ్మ కథ
2:58:20 మంగళహారతి
```

వీడియో మధ్యలోంచి ముక్క తీస్తే, ఆ కోతకు తరువాత ఉన్న సమయాలను మాత్రమే తగ్గించాలి. ఒక జాగ్రత్త కూడా అవసరం. కత్తిరింపు పూర్తయ్యేవరకు జనానికి పాత వీడియోనే కనిపిస్తుంది, పొడవైన వీడియోకు చాలాసేపు పట్టవచ్చు. వీడియో మొత్తం నిడివి తగ్గిందని కళ్లతో చూసిన తరువాతే కొత్త సమయాలు పెట్టండి.

తేడా రెండు మూడు సెకన్లే అయితే కారణం వేరు. పాట వినబడ్డాక వీడియో ఆపి సమయం రాసుకుంటాం, అప్పటికే పల్లవిలో మొదటి మాట దాటిపోయి ఉంటుంది. నేను ప్రతి ఘట్టానికీ రెండు సెకన్ల ముందు సమయం రాస్తాను. కథకుడు ఊపిరి తీసుకోవడం, డోలు మీద మొదటి దెబ్బ, ఆ తరువాత మాట వినబడితే అది సరైన చోటు.

సమస్య: చాప్టర్లు సరిగానే ఉన్నాయి, అయినా కామెంట్లలో ఫలానా ఘట్టం ఎక్కడుందని అడుగుతున్నారు

పేర్లు చూడండి. "భాగం 1", "భాగం 2" అని ఉంటే ఏ భాగంలో ఏముందో ఎవరికీ తెలియదు. "బలిజ మేడలమ్మతో శ్రీ మల్లికార్జున స్వామివారి కల్యాణ ఘట్టం" అని రాస్తే ఫోనులో సగం పేరే కనిపిస్తుంది, ఆ సగంలో పెళ్లి మాటే ఉండదు. వెతికేవాళ్ల నోట్లో ఉండే మాటను ముందుకు తేవాలి. కథ తెలిసిన పెద్దవాళ్లను ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని, ఈ ఘట్టాన్ని మీరు ఏమంటారని అడగడం మేలు. కేతమ్మ పేరు పక్కన గొల్ల అన్న మాట నాకు అలాగే దొరికింది.

వివరణలో మొదటి కొన్ని వరుసలే తెరవకుండా కనిపిస్తాయి. అక్కడ ఏ కథ, ఏ ఊరు, ఏ బృందం చెప్పింది అన్నవి రాయండి. సమయాల జాబితా వెంటనే దాని కింద ఉండాలి. విరాళాలిచ్చినవారి పేర్లు, ఫోను నంబర్లు జాబితా తరువాతే. వివరణకు 5,000 అక్షరాల పరిమితి ఉంది, పేర్ల పట్టిక పెద్దదైతే చివరికి కోత దానికే పడాలి, సమయాలకు కాదు.

సమస్య: ట్యాగులు ఎన్నో పెట్టాను, వెతికితే వీడియో రావడం లేదు

వీడియో పెట్టేటప్పుడు వెతుకులాట కోసం విడిగా ఇచ్చే మాటలే ట్యాగులు. వాటి నుంచి ఎక్కువ ఆశించకండి. వీడియోను వెతికి పట్టుకోవడంలో శీర్షిక, వివరణల పాత్రే పెద్దది, ట్యాగులది చాలా చిన్నది. జనం ఒకే పేరును రకరకాల స్పెల్లింగులతో కొట్టేచోట మాత్రం అవి ఉపయోగపడతాయి. మన పేర్లకు ఆ ఇబ్బంది నిండుగా ఉంది. అందుకే మా వీడియోకు ఇవే పెట్టాను:

```
oggu katha, oggukatha, voggu katha, ఒగ్గు కథ,
mallanna katha, మల్లన్న కథ, mahbubnagar,
mahabubnagar, mahaboobnagar, palamuru
```

మొత్తం ట్యాగులకు 500 అక్షరాల పరిమితి ఉంది, ఈ జాబితా అందులో సగం కూడా కాదు. మిగిలింది కదా అని పేరున్న సినిమా పాటలు, నటుల పేర్లు చేర్చకండి. అవి చూసి వచ్చినవాళ్లు ఒగ్గు కథ కోసం వచ్చినవాళ్లు కారు, పైగా తప్పుదోవ పట్టించే వివరాలు యూట్యూబ్ నియమాలకు విరుద్ధం. ఇదే ట్యాగుల గుంపును తెచ్చి వివరణ అడుగున అతికించడం కూడా నియమాలకు విరుద్ధమే. ఊరి పేరు వివరణలో రావాలంటే మొదటి వరుసలో మామూలు వాక్యంగా రాయండి: "పాలమూరు జిల్లాలోని మా ఊళ్లో చెప్పిన మల్లన్న ఒగ్గు కథ".