క్రోసాంట్ పిండి మడతపెట్టే ముందు

• అన్నిటికన్నా ముందు పిండి మధ్యలో పెట్టే వెన్న పలకను చూడండి. 13–16 డిగ్రీల మధ్య ఉంటే, పలకను వంచినప్పుడు విరగకుండా వంగుతుంది, వేలికి జిడ్డుగా అంటదు. మరీ చల్లగా ఉంటే లోపల ముక్కలవుతుంది, మెత్తబడితే పిండిలో కలిసిపోతుంది. ఒకసారి అలా అయితే పొరలను మళ్లీ తేలేం.

• పిండి కూడా వెన్నంత గట్టిగానే ఉండాలి, లేకపోతే మెత్తనిది పక్కలకు జారిపోతుంది.

• మూడు పొరల మడత మూడుసార్లు చాలు. ప్రతిసారీ మధ్యలో అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. ఒత్తుతుంటే పిండి వెనక్కి ముడుచుకుంటే ఇంకో పావుగంట ఆగండి, బలవంతం చేస్తే పొరలు చిరుగుతాయి.

• మడిచే ముందు పొడిపిండి దులపండి. అది ఉంటే పొరలు అతుక్కోవు.

• చివరిగా పొంగనిచ్చే చోటు 26 డిగ్రీలు దాటకూడదు, వెన్న కారిపోతుంది.