తెలుగులో పాస్‌వర్డ్ ఉందా? కొత్త కంప్యూటర్‌కు మారేముందు ఇవి చూసుకోండి

పాత కంప్యూటర్ ఫార్మాట్ చేసేముందు, ఫోన్ మార్చేముందు, కీబోర్డ్ యాప్ తీసేసేముందు ఒక్కసారి ఆగండి. మీ పాస్‌వర్డ్‌లలో తెలుగు అక్షరాలు గానీ é, ñ లాంటి గుర్తుల అక్షరాలు గానీ ఉంటే, పాత మెషీన్‌లో లాగిన్ అయి ఉండగానే వాటి సంగతి తేల్చుకోవాలి. ఒకసారి లాగౌట్ అయ్యాక చేయగలిగేది చాలా తక్కువ.

మనం అక్షరాలను చూస్తాం, సర్వర్ బైట్లను చూస్తుంది. పాస్‌వర్డ్‌ను అది ఉన్నదున్నట్టు దాచుకోదు, బైట్ల నుంచి లెక్కకట్టి తీసిన, వెనక్కి తిప్పలేని హ్యాష్ అనే గుర్తును మాత్రమే ఉంచుకుంటుంది. ఒక్క బైటు తేడా వచ్చినా హ్యాష్ మొత్తం మారిపోతుంది. అందుకే "దాదాపు సరిపోయింది" అనే మాటే ఇక్కడ ఉండదు.

"వైశాఖం27" అనే పాస్‌వర్డ్ తీసుకుందాం. ఇందులోని ఐత్వాన్ని, ప్రతి అక్షరానికీ ఒక కోడ్ ఇచ్చే యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయవచ్చు. ఒకటి, ఐత్వం మొత్తానికి ఒకే కోడ్. రెండోది, ఎత్వం కోడ్ పక్కన కింది గుర్తుకు వేరే కోడ్.

```
ై         U+0C48          E0 B1 88
ె + ౖ     U+0C46 U+0C56   E0 B1 86 E0 B1 96
```

మొదటి రకంలో పాస్‌వర్డ్ మొత్తం 20 బైట్లు, రెండో రకంలో 23. తెరమీద మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఈ రెంటినీ ఒకే రూపానికి తేవడాన్నే నార్మలైజేషన్ అంటారు: NFC కలిపి ఉంచుతుంది, NFD విడదీస్తుంది. é కూడా ఇంతే, ఒకే కోడ్‌గానూ ఉండొచ్చు, e పక్కన విడి గుర్తుగానూ ఉండొచ్చు. మామూలు కీబోర్డులు ఐత్వాన్ని కలిపే ఇస్తాయి. విడిపోయిన రూపం ఎక్కువగా కాపీ-పేస్ట్ దారిలో వస్తుంది. పాత మ్యాక్ డిస్కులు ఫైలు పేర్లను విడదీసి దాచేవి కాబట్టి, పాస్‌వర్డ్‌ను ఫైలు పేరులో పెట్టుకుని అక్కడినుంచి కాపీ చేస్తే ఇదే జరుగుతుంది.

నార్మలైజేషన్ కూడా సరిచేయలేనివి రెండున్నాయి. "బస్" లాంటి పొల్లుతో ముగిసే మాటల చివర కొన్ని కీబోర్డులు U+200C అనే కనిపించని అక్షరాన్ని చేరుస్తాయి, కొన్ని చేర్చవు. అలాగే కొన్ని లేఔట్లలో 27 కొడితే ౨౭ పడుతుంది. ఇవి యూనికోడ్ లెక్కలో నిజంగానే వేరు అక్షరాలు.

లేఔట్ పొరపాటు ఇంకా మామూలుగా జరిగేది. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు లేఔట్‌లో "వైశాఖం" కొట్టే మీటలే ఇంగ్లీష్ లేఔట్‌లో `bwMeKx` ఇస్తాయి. పెట్టెలో చుక్కలే కనిపిస్తాయి కాబట్టి, పాస్‌వర్డ్ పెట్టిన రోజున లేఔట్ ఇంగ్లీష్‌లో ఉండి ఉంటే మీ అసలు పాస్‌వర్డ్ అదే. కంప్యూటర్ తెరుచుకోకముందే డిస్క్ పాస్‌వర్డ్ అడిగే తెర దగ్గర తెలుగు లేఔట్ దొరక్కపోవచ్చు. అందుకే డిస్క్ పాస్‌వర్డ్‌లో తెలుగు ఉంచడం అస్సలు మంచిది కాదు.

పాత మెషీన్‌లో పైథాన్ ఉంటే, ఏ కీబోర్డ్ ఏం పంపుతోందో టెర్మినల్‌లో ఈ కమాండ్‌తో చూడొచ్చు. అసలు పాస్‌వర్డ్ కాకుండా అవే అక్షరాలున్న వేరే మాట కొట్టండి, ఎందుకంటే అది తెరమీద కనిపిస్తుంది.

```
python3 -c "print([hex(ord(c)) for c in input()])"
```

జాబితాలో `0xc56` కనిపిస్తే ఐత్వం విడిపోయింది, `0x200c` కనిపిస్తే కనిపించని అక్షరం చేరింది. కొత్త మెషీన్‌లోనూ అదే మాట కొట్టి రెండు జాబితాలూ పోల్చండి.

తేడా వచ్చినా రాకపోయినా, మా సలహా పాస్‌వర్డ్‌ను ఇంగ్లీష్ అక్షరాలు, అంకెలతో మార్చేయమనే. తెలుగు మాటలే గుర్తుంటాయనుకుంటే సంబంధం లేని నాలుగైదు మాటలను ఇంగ్లీష్ లిపిలో రాయండి. అయితే vaisakham అని రాస్తారో vaishakham అని రాస్తారో ముందే తేల్చుకోండి. మార్చాక పాత లాగిన్‌ను తెరిచే ఉంచి, వేరే పరికరంలోనో ప్రైవేట్ విండోలోనో కొత్త పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి చూడండి. రికవరీ ఈమెయిల్, ఫోన్ నంబర్ పనిచేస్తున్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

ఇప్పటికే బయట చిక్కుకుపోయి ఉంటే గుడ్డిగా మళ్లీ మళ్లీ కొట్టకండి, ఖాతా లాక్ కావచ్చు. పాస్‌వర్డ్ పెట్టెలో ఉండే కంటి గుర్తు నొక్కి ఏ అక్షరాలు పడుతున్నాయో చూడండి. లిపి, అంకెలు సరిగ్గానే ఉంటే మొదట పాత కీబోర్డ్ యాప్‌తో, తర్వాత చివరి కనిపించని అక్షరం లేకుండా, ఆపైన ఇంగ్లీష్ లేఔట్‌లో అవే మీటలతో ఒక్కోసారి ప్రయత్నించండి. అవేవీ కుదరకపోతే రీసెట్ చేసుకోండి. హ్యాష్ నుంచి పాత పాస్‌వర్డ్‌ను వెనక్కి తీసి ఇవ్వడం సర్వర్ నడిపేవాళ్లకు కూడా సాధ్యం కాదు.