రిబేట్ కోసం రూట్ మార్చే ముందు: అమెరికా షేర్లలో లిమిట్ ఆర్డర్లు పెట్టేవాళ్లకు జాగ్రత్తలు

జీరో కమిషన్ ఖాతాలో అమెరికా షేర్లు కొంటూ అమ్ముతూ కొంతకాలం గడిచాక చాలామంది చూపు టైర్డ్ ప్లాన్ మీద పడుతుంది. అందులో బ్రోకర్ కమిషన్ షేరుకి ఇంత అని వేరుగా ఉంటుంది. ఎక్స్ఛేంజ్ వేసే ఫీజు, ఇచ్చే రిబేట్ నేరుగా మన ఖాతాలోకే వస్తాయి. ఆర్డర్ ఏ ఎక్స్ఛేంజ్‌కి వెళ్లాలో మనమే ఎంచుకోవచ్చు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం చేసుకుంటూ ట్రేడింగ్ కూడా చేసే మనవాళ్లు ఈ మార్పుకి సిద్ధమవుతుంటే, మొదటి ఆర్డర్ పెట్టకముందే ఒక ప్రమాదం గురించి తెలుసుకోవాలి. ఎక్కువ రిబేట్ ఇచ్చే ఎక్స్ఛేంజ్‌లోనే మన ఆర్డర్ అందరికంటే ఆలస్యంగా అమలయ్యే అవకాశం ఎక్కువ.

ఇండియాలో ట్రేడింగ్ నేర్చుకుని వచ్చినవాళ్లకి ఇది కొత్తగా ఉంటుంది. ఎన్‌ఎస్‌ఈలో షేరు కొన్నా అమ్మినా, బుక్‌లో ఆర్డర్ పెట్టి వేచి ఉన్నా, ఉన్న ధరకి వెంటనే కొట్టేసినా ట్రాన్సాక్షన్ చార్జీ ఒకటే. 2024 అక్టోబర్ 1 నుంచి సెబీ స్లాబులు కూడా తీసేయించి అందరికీ ఒకే రేటు పెట్టించింది. అమెరికాలో అలా కాదు. బుక్‌లో ఆర్డర్ పెట్టి వేచి ఉండేవాడు మేకర్, ఆ ఆర్డర్ మీదికి వచ్చి వెంటనే ట్రేడ్ చేసేవాడు టేకర్. ఎక్స్ఛేంజ్ టేకర్ దగ్గర ఫీజు తీసుకుని, అందులో చాలా భాగం మేకర్‌కి రిబేట్‌గా ఇచ్చి, మిగిలింది తను ఉంచుకుంటుంది. 1997లో ఐలాండ్ అనే ఎలక్ట్రానిక్ మార్కెట్ ఆర్డర్లను తనవైపు రప్పించుకోవడానికి మొదలుపెట్టిన పద్ధతి ఇది, తర్వాత మిగతావాళ్లూ పట్టుకున్నారు. 2005లో వచ్చిన రెగ్యులేషన్ ఎన్‌ఎంఎస్ అనే అమెరికా షేర్ మార్కెట్ నిబంధన ఆ టేకర్ ఫీజుకి పరిమితి పెట్టింది. డాలరు, ఆపైన ధర ఉన్న షేర్లకి 100 షేర్లకు 30 సెంట్లు మించకూడదు.

దీనికి తలకిందులుగా నడిచే ఎక్స్ఛేంజ్‌లూ ఉన్నాయి. సీబో బీవైఎక్స్, సీబో ఈడీజీఏ, నాస్‌డాక్ బీఎక్స్, ఎన్‌వైఎస్‌ఈ నేషనల్ ఆ రకం. వీటిని ఇన్వర్టెడ్ అంటారు. ఇక్కడ మేకర్ ఫీజు కడతాడు, టేకర్‌కి రిబేట్ రావచ్చు. ఆర్డర్ పెట్టి వేచి ఉండటానికి ఎదురు డబ్బు కట్టాలంటే ఎవరు పెడతారు అనిపిస్తుంది. కానీ పెడతారు, పెద్ద పెద్ద సంస్థలే పెడతాయి. ఎందుకో అర్థమైతే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

ఒక షేరు బిడ్ 20.00, ఆస్క్ 20.01 అనుకుందాం. 20.00 బిడ్ ఒకేసారి మూడు నాలుగు ఎక్స్ఛేంజ్‌లలో ఉంటుంది. ఇప్పుడు ఎవరో 20.00కి అమ్మాలని వచ్చారు. ధర అన్నిచోట్లా ఒకటే కాబట్టి వాళ్ల రూటర్, అంటే ఆర్డర్ ఏ ఎక్స్ఛేంజ్‌కి పంపాలో తేల్చే సాఫ్ట్‌వేర్, ఖర్చు తక్కువ ఉన్న చోటికి ముందు వెళ్తుంది. అంటే టేకర్‌కి ఎదురు డబ్బు ఇచ్చే ఇన్వర్టెడ్ ఎక్స్ఛేంజ్‌కి. అక్కడి బిడ్లు అయిపోయాక తర్వాతి చౌక చోటు. 100 షేర్లకి 30 సెంట్లు గుంజే ఎక్స్ఛేంజ్ చివరిది. మేకర్‌కి పెద్ద రిబేట్ ఇచ్చేది ఆ చివరి ఎక్స్ఛేంజే, ఎందుకంటే ఆ రిబేట్ వచ్చేది ఆ పెద్ద ఫీజులోంచే. పైగా రిబేట్ కోసం అక్కడే ఎక్కువమంది చేరతారు, క్యూ పొడవు పెరుగుతుంది. ఒకే ధర దగ్గర ముందు వచ్చినవాడికే ముందు అమలవుతుంది కాబట్టి 20.00కి మీరు పెట్టిన 500 షేర్ల కొనుగోలు ఆర్డర్ ఆ పొడవాటి క్యూ చివర నిలబడుతుంది.

ఆలస్యం ఒక్కటే అయితే పెద్ద నష్టం లేదు. అసలు చిక్కు ఇంకోటి ఉంది. చిన్న అమ్మకం వచ్చినప్పుడు ఇన్వర్టెడ్ చోట ఉన్నవాళ్లకి షేర్లు దొరుకుతాయి, ధర అక్కడే నిలుస్తుంది లేదా పైకి పోతుంది. మీ ఆర్డర్ ఖాళీగా మిగులుతుంది. పెద్ద అమ్మకం వచ్చి 20.00 దగ్గర అన్ని ఎక్స్ఛేంజ్‌లూ తుడిచిపెట్టుకుపోయినప్పుడే మీ దాకా వస్తుంది. ఆ మరుక్షణం బిడ్ 19.99కో 19.98కో దిగుతుంది. అంటే ధర పెరిగేటప్పుడు మీకు షేర్లు రావు, పడేటప్పుడు మాత్రం కచ్చితంగా వస్తాయి. ఇన్వర్టెడ్ చోట డబ్బు కట్టి మరీ నిలబడేవాళ్లు తప్పించుకుంటున్నది దీన్నే.

లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణకే, మీ ప్లాన్‌లో ఉన్న రేట్లు పెట్టుకుని మళ్లీ వేయండి. మీకు 500 షేర్లు ఎలాగైనా కొనాలి. రిబేట్ ఎక్స్ఛేంజ్‌లో మేకర్‌కి 100 షేర్లకు 20 సెంట్లు వస్తాయి, అంటే 500కి 1 డాలరు రాబడి. ఇన్వర్టెడ్ చోట అంతే ఫీజు కట్టాలి, 1 డాలరు ఖర్చు. రెండింటికీ తేడా 2 డాలర్లు. ఇప్పుడు రిబేట్ చోట మీ ఆర్డర్ అమలు కాలేదు, ఆస్క్ 20.04కి వెళ్లింది, మీరు విసిగి దాన్నే కొట్టారు. షేరుకి 4 సెంట్లు ఎక్కువ, 500కి 20 డాలర్లు. దాని మీద టేకర్ ఫీజు 1.50. మొత్తం 21.50. ఇన్వర్టెడ్ చోట అదే కొనుగోలు 20.00కి అయిపోయి 1 డాలరు ఫీజుతో పోయేది కాబట్టి అసలు నష్టం 20.50.

పది ఆర్డర్లలో 2 డాలర్ల చొప్పున మిగుల్చుకున్న 20 డాలర్లు, పదకొండో ఆర్డర్ తప్పిపోతే మొత్తం పోతాయి, పైన ఇంకో 50 సెంట్లు కూడా. పదకొండులో ఒక్కటి తప్పిపోవడం అసాధారణమేమీ కాదు. త్రైమాసిక ఫలితాలు వచ్చే వారాల్లో ధర నిమిషాల్లో మారిపోతుంది, ఆ రోజుల్లో తప్పే ఆర్డర్లు ఇంకా పెరుగుతాయి. కొనడం తప్పనిసరి అయిన ఆర్డర్‌ని ఆ వారాల్లో రిబేట్ రూట్‌కి పంపకండి. ఈ ధరకి దొరికితే తీసుకుంటాను, లేకపోతే వదిలేస్తాను అనుకునే ఆర్డర్ అయితే తప్పిపోయిన ఖర్చు మీకు తక్కువ, అప్పుడు రిబేట్ గురించి ఆలోచించవచ్చు. కానీ అప్పుడు కూడా ధర పడేటప్పుడే దొరికే ఇబ్బంది మిగిలే ఉంటుంది.

మీకు ఇది జరుగుతోందో లేదో ఊహించాల్సిన పని లేదు, స్క్రీన్ మీదే కనబడుతుంది. జరిగిన ట్రేడ్‌లన్నీ వరసగా చూపించే టైమ్ అండ్ సేల్స్ తెరిచి, మీ ఆర్డర్ 20.00 దగ్గర వేచి ఉన్నప్పుడు అదే ధరకి ట్రేడ్‌లు ఎక్కడ జరుగుతున్నాయో చూడండి. ప్రతి ట్రేడ్ పక్కన ఎక్స్ఛేంజ్ అక్షరం ఉంటుంది. Y అంటే బీవైఎక్స్, J అంటే ఈడీజీఏ, B అంటే నాస్‌డాక్ బీఎక్స్, C అంటే ఎన్‌వైఎస్‌ఈ నేషనల్. Q నాస్‌డాక్, P ఎన్‌వైఎస్‌ఈ ఆర్కా, K ఈడీజీఎక్స్. మీ ఆర్డర్ K దగ్గర ఉండగా అదే ధరకి Y, J, B ట్రేడ్‌లు వరసగా పడుతూ మీది కదలకపోతే విషయం అదే. D అక్షరాన్ని మాత్రం ఈ లెక్కలోకి తీసుకోకండి, అది ఎక్స్ఛేంజ్ బయట జరిగిన ట్రేడ్.

రెండో పరీక్ష ఇంకా నమ్మదగినది. మీకు అమలైన ప్రతి కొనుగోలు ఆర్డర్‌కి, అమలైన ఒక నిమిషం తర్వాత బిడ్‌కీ ఆస్క్‌కీ సరిగ్గా మధ్యలో ఉండే ధర ఎంతో రాసుకోండి. యాభై అరవై ఆర్డర్లు పోగయ్యాక రూట్‌ల వారీగా సగటు తీయండి. రిబేట్ రూట్‌లో ఆ సగటు మీరు కొన్న ధర కంటే అర సెంటు కింద ఉంటే, వచ్చిన 0.2 సెంట్ల రిబేట్ మీ నష్టంలో సగం కూడా పూడ్చడం లేదన్నమాట.

చిన్న చిన్న తప్పుల సంగతి. లిమిట్ ఆర్డర్ పెట్టాను కాబట్టి నేను మేకర్‌నే అనుకోవద్దు. ఆస్క్ 20.01 ఉన్నప్పుడు 20.01కి కొనుగోలు లిమిట్ పెడితే అది వెంటనే అమలవుతుంది, మీరు టేకర్, ఫీజు మీదే. అలా కాకూడదంటే పోస్ట్ ఓన్లీ ఆప్షన్ ఉందేమో చూడండి. కొన్ని చోట్ల దాన్ని యాడ్ లిక్విడిటీ ఓన్లీ అంటారు. ఎక్స్ఛేంజ్ పట్టికలో పైన కనిపించే పెద్ద రిబేట్ కూడా మీది కాదు. అది నెలకి కోట్ల షేర్లు నడిపే సంస్థలకి. మీకు వచ్చేది కింది వరసలోది, అది కూడా మీ బ్రోకర్ మొత్తం అందజేస్తేనే. డాలరు కంటే తక్కువ ధర షేర్లకి ఫీజు శాతంలో ఉంటుంది, పరిమితి 0.3 శాతం. ఆ షేర్లకి పైన వేసిన లెక్క పనికిరాదు.

స్మార్ట్ రూటింగ్ వాడుతున్నా సెట్టింగ్స్ ఒకసారి తెరిచి చూడండి. కొన్ని బ్రోకర్ల దగ్గర రిబేట్‌కి ప్రాధాన్యం ఇవ్వమనే ఎంపిక ఉంటుంది, అది ఆన్‌లో ఉంటే రూటర్ మిమ్మల్ని ఆ పొడవాటి క్యూలోకే పంపుతుంది.

జీరో కమిషన్ ఖాతాలోనే ఉండిపోయేవాళ్లకి కూడా ఇందులో సంబంధం ఉంది. అక్కడ రిబేట్ బ్రోకర్ జేబులోకి వెళ్తుంది, అమలు కాని నష్టం మాత్రం మీది. బటాలియో, కార్విన్, జెన్నింగ్స్ అనే ముగ్గురు ఫైనాన్స్ ప్రొఫెసర్లు 2016లో ప్రచురించిన పరిశోధనలో, ఎక్కువ రిబేట్ ఇచ్చే చోటికి పంపిన లిమిట్ ఆర్డర్లకి అమలు నాణ్యత తగ్గుతోందని చూపించారు. మీ బ్రోకర్ ఏం చేస్తున్నాడో తెలియాలంటే ప్రతి మూడు నెలలకీ ప్రచురించే రూల్ 606 రిపోర్టు చూడండి. అందులో నాన్ మార్కెటబుల్, అంటే వెంటనే అమలవకుండా బుక్‌లో వేచి ఉండే లిమిట్ ఆర్డర్ల కాలమ్ ముఖ్యం. వాటిలో ఎక్కువ శాతం ఒకే ఎక్స్ఛేంజ్‌కి వెళ్లి, ఆ వరసలోనే వంద షేర్లకి వచ్చిన సెంట్లు అందరికంటే ఎక్కువగా కనబడితే, కారణం ఏమిటని అడగండి. గత ఆరు నెలల్లో మీ సొంత ఆర్డర్లు ఎక్కడికి వెళ్లాయో చెప్పమని అడిగే హక్కు కూడా అదే నిబంధన మీకు ఇస్తుంది.

ఈ అంకెలు మారబోతున్నాయి. 2024 సెప్టెంబర్‌లో అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ టేకర్ ఫీజు పరిమితిని 100 షేర్లకు 30 సెంట్ల నుంచి 10 సెంట్లకి దించుతూ నిబంధన తెచ్చింది. స్ప్రెడ్ చాలా సన్నగా ఉండే షేర్లకి ధరలు అర సెంటు మెట్లలో నడిచేలా కూడా చెప్పింది. 2025 నవంబర్‌లో మొదలవ్వాల్సిన అమలును ఏడాది వెనక్కి, 2026 నవంబర్‌కి జరిపారు. ఫీజు తగ్గితే దానిలోంచి ఇచ్చే రిబేట్ కూడా తగ్గుతుంది, ఎక్స్ఛేంజ్‌ల మధ్య తేడా చిన్నదవుతుంది. అమలు మొదలయ్యాక ఎక్స్ఛేంజ్ కొత్త ఫీజు పట్టిక తీసుకుని, పైన వేసిన 2 డాలర్ల తేడా స్థానంలో కొత్త అంకె పెట్టి, మీ రూట్‌ల సగటులు మొదటి నుంచి మళ్లీ పోగుచేయండి.