నికర ప్రస్తుత విలువను పరీక్షించే ముందు జాగ్రత్తలు

బెంగళూరు పీణ్యలో విడిభాగాల తయారీకి 50 లక్షల రూపాయలతో ఒక యంత్రం కొనాలనుకుందాం. ఏటా 10,000 అమ్మకాలు, ఒక్కోదానికి ధర 500, చరవ్యయం 300, మొత్తం స్థిరవ్యయం 5 లక్షలు అయితే, పన్నులు పక్కన పెట్టి, 12 శాతం డిస్కౌంట్ రేటుతో ఐదేళ్లకు నికర ప్రస్తుత విలువ, అంటే రాబోయే నగదును నేటి విలువకు మార్చి పెట్టుబడిని తీసేస్తే మిగిలేది, సుమారు 4.07 లక్షలు. అంచనాలు మారితే ఇది ఎంత మారుతుందో పరీక్షించేటప్పుడు ఇవి చూసుకోవాలి.

- అమ్మకాల సంఖ్యను 10 శాతం తగ్గించినప్పుడు చరవ్యయం కూడా తగ్గిందో లేదో షీటులో తప్పక చూసుకోవాలి. తగ్గితే విలువ మైనస్ 3.14 లక్షలు, రాబడిని మాత్రమే తగ్గిస్తే మైనస్ 13.95 లక్షలు వస్తుంది, కానీ అది నిజానికి ధర పడిపోతే వచ్చే ఫలితం. ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

- అన్ని అంచనాలకూ ఒకే 10 శాతం మార్పు వాడకుండా, ఉదాహరణకు ముడిసరుకైన ఉక్కు ధర గతంలో ఎంత మారిందో కొనుగోలు బిల్లుల్లో చూసి పరిధి నిర్ణయించాలి.

- ప్రతికూల పరిస్థితిలో కలిసి మారే అంచనాలను కలిపే మార్చాలి. నగదు రాకను తగ్గించాక డిస్కౌంట్ రేటునూ పెంచితే ఒకే రిస్కును రెండుసార్లు లెక్కించినట్లవుతుంది.